తలకు తగిన టోపీ: కొలత తీసే పద్ధతి, పట్టీ క్యాపుకూ సైజు క్యాపుకూ ఉన్న తేడా

(విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులు, దర్జీలు, ఆట వస్తువుల దుకాణదారులు కలిసి జరుపుకున్న సమావేశంలో టోపీల తయారీదారు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసినది.)

పెద్దలకు, మాస్టార్లకు, మా వృత్తిలోనే ఉన్న సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. నన్ను పిలిచినవారు ముందుగానే ఒక మాట చెప్పారు. ఏటా బడి పిల్లల జట్లకు క్యాపులు తెప్పిస్తున్నారు, వాటిలో కొన్ని బిగుతవుతున్నాయి, కొన్ని ఊడిపోతున్నాయి, అందరికీ పట్టీ క్యాపులే తెప్పించినా కొంతమందికి అవి కూడా కుదరడం లేదు, ఎందుకో చెప్పండి అన్నారు. ఈ పూట ఆ ఒక్క సంగతే మాట్లాడతాను. తల చుట్టుకొలత ఎలా తీయాలి, ఆ కొలత నుంచి టోపీ సైజు ఎలా వస్తుంది, వెనకాల పట్టీతో బిగించుకునే క్యాపు మన కొలతలో దేన్ని సర్దగలదు, దేన్ని సర్దలేదు. ఇంతే.

మాటల్లో గందరగోళం లేకుండా రెండు పేర్లు పెట్టుకుందాం. వెనకాల పూర్తిగా మూసి ఉండి, ఒక్కో తలకు ఒక్కో సైజులో కుట్టే దానిని సైజు క్యాపు అంటాను. వెనకాల అర్ధచంద్రంలా తెరిచి ఉండి, ప్లాస్టిక్ బుడిపెలతోనో, వెల్క్రోతోనో, బకిల్‌తోనో బిగించుకునే దానిని పట్టీ క్యాపు అంటాను. అంగడిలో వీటికి రకరకాల పేర్లు ఉన్నాయి, మనకు ఈ రెండూ చాలు.

ముందు కొలత. మాస్టారూ, మీరు ఒకసారి ఇలా రండి. ఈ కుర్చీలో కూర్చోండి. తల నిటారుగా ఉంచి ఎదురుగా ఉన్న గోడను చూడండి. ఇప్పుడు అందరూ టేపు వెళ్లే దారిని గమనించండి, ఎందుకంటే పొరపాటంతా ఈ దారిలోనే ఉంటుంది. ముందు కనుబొమ్మల మీదుగా, వాటికి ఒక వేలు వెడల్పు పైన, నుదుటి మధ్య నుంచి టేపు మొదలుపెడుతున్నాను. అక్కడి నుంచి చెవులకు కాస్త పైగా, చెవికి తగలకుండా తీసుకెళుతున్నాను. వెనకాల తల ఎముక ఒకచోట ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది, మీరందరూ మీ తల వెనకాల చెయ్యి పెట్టి చూసుకోండి, తగిలిందా? టేపు సరిగ్గా ఆ ఉబ్బు మీదుగా వెళ్లాలి. దాని కిందకు జారకూడదు, పైకి ఎక్కకూడదు.

ఈ దారిలో వచ్చిన కొలత చూడండి. 57.5 సెంటీమీటర్లు. బాగుంది. ఇప్పుడు అదే తలకు, అదే టేపును కావాలనే తప్పు దారిలో పెడతాను. నుదుటి మీద కాస్త పైకి, జుట్టు మొదలయ్యే చోటికి జరిపాను. ఎంత వచ్చింది? 56. ఇంకోసారి చూద్దాం. ముందు సరిగ్గానే ఉంచి, వెనకాల ఉబ్బు కిందకి, మెడ వైపు జార్చాను. 56.8. ఒకే తల, ఒకే టేపు, మూడు కొలతలు. ఇందులో ఏది నమ్మాలి? పెద్దది నమ్మాలి. నుదురు నుంచి వెనక ఉబ్బు మీదుగా వచ్చే చుట్టు తలకు అన్నింటికన్నా పెద్ద చుట్టు, టోపీ కూర్చోవలసింది దాని మీదే. అందుకే మూడుసార్లు కొలిచి, సగటు తీయకుండా, పెద్దదాన్నే తీసుకోమని చెబుతాను. సగటు తీస్తే తప్పు దారిలో వెళ్లిన కొలతలు కూడా అందులో కలిసిపోయి టోపీ బిగుతవుతుంది.

టేపును ఎంత బిగించాలి అని అడుగుతారు. చర్మాన్ని నొక్కకుండా, జారిపోకుండా, నుదుటి మీద ఆనుకుని ఉండాలి. నుదుటి మీద గీత పడితే ఎక్కువ బిగించారని, టేపు కిందికి దిగిపోతుంటే తక్కువ బిగించారని అర్థం. కొలిచేవారు పక్కన నిలబడి, టేపు ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉందా లేదా చూడాలి. తన తల తాను కొలుచుకునేవారికి వెనకాల ఏం జరుగుతుందో కనిపించదు కనుక, వీలైనంతవరకు రెండో మనిషి చేత కొలిపించుకోవడమే మేలు.

దర్జీ సోదరులకు ఒక మాట, మీ టేపు గురించి. మెడలో వేసుకుని ఏళ్ల తరబడి లాగుతూ ఉన్న టేపు సాగి ఉంటుంది. నిక్కరుకూ చొక్కాకూ ఆ తేడా పెద్దగా తెలియదు, కానీ తలకు అర సెంటీమీటరు అంటే సగం సైజు. మీ టేపును బల్ల మీద చదునుగా పరిచి, బడి పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలును దాని పక్కన రెండుసార్లు పెట్టి చూడండి. స్కేలు 60 దగ్గరకు వచ్చినప్పుడు టేపు మీద కూడా సరిగ్గా 60 ఉంటేనే ఆ టేపు వాడండి. అసలు టేపు లేనివారు దారంతో కొలిచి స్కేలు మీద పెడుతుంటారు. దారం సాగుతుంది, అందులోనూ నైలాన్ దారం మరీ సాగుతుంది. దాని బదులు వార్తాపత్రిక నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీలు రెండు కత్తిరించి అంటించి, దానితో చుట్టి, కలిసినచోట పెన్నుతో గీత పెట్టి, విప్పి కొలవండి. కాగితం సాగదు. కొలత బాగా వస్తుంది.

ఇక సెంటీమీటర్ల నుంచి సైజుకు వద్దాం. క్యాపుల లోపల చీటీ మీద మీకు మూడు రకాల సైజులు కనిపిస్తాయి. కొన్నింటి మీద 57, 58, 59 అని ఉంటుంది. ఇది నేరుగా తల చుట్టుకొలతే, సెంటీమీటర్లలో. దీనికి లెక్క అక్కర్లేదు. కొన్నింటి మీద ఎస్, ఎం, ఎల్ అని ఉంటుంది. సాధారణంగా ఎస్ అంటే 55, 56, ఎం అంటే 57, 58, ఎల్ అంటే 59, 60 అని పెడతారు, అయితే ఇది తయారుచేసేవారిని బట్టి మారుతుంది, అంచేత అక్షరాన్ని నమ్మకుండా పక్కన సెంటీమీటర్లు కూడా ఉన్నాయా అని చూడాలి. మూడోది 7, 7 1/8, 7 1/4 అని భిన్నాల్లో ఉంటుంది. ఇదే అందరినీ తికమక పెట్టేది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కల మాస్టార్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి సులువుగా చెప్పవచ్చు. తలను ఒక వృత్తం అనుకోండి. వృత్తం చుట్టుకొలతను పై చేత, అంటే 3.14 చేత భాగిస్తే వ్యాసం వస్తుంది. ఆ భిన్నాల సైజు అదే, అంగుళాల్లో చెప్పిన వ్యాసం. మన మాస్టారి తల 57.5 సెంటీమీటర్లు. 2.54 తో భాగిస్తే 22.64 అంగుళాలు. దాన్ని 3.14 తో భాగిస్తే 7.21. అమెరికా పద్ధతిలో భిన్నాల సైజులు ఎనిమిదో వంతు చొప్పున పెరుగుతాయి. 7 1/8 అంటే 7.125, 7 1/4 అంటే 7.25. మన 7.21 ఈ రెండింటి మధ్య పడింది, 7 1/4 కు దగ్గరగా ఉంది.

ఇంత భాగహారం రోజూ చేయనక్కర్లేదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఎనిమిదో వంతు అంగుళం వ్యాసం పెరిగితే చుట్టుకొలత ఎంత పెరుగుతుంది? ఎనిమిదో వంతును 3.14 తో గుణించి, 2.54 తో గుణించండి. ఒక సెంటీమీటరుకు వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. అంటే ఒక్కో భిన్నం సైజు ఒక్కో సెంటీమీటరుతో సమానం. 56 దగ్గర 7 అని పెట్టుకుని, ఒక్కో సెంటీమీటరుకు ఒక్కో ఎనిమిదో వంతు కలుపుకుంటూ పోండి. 57 కు 7 1/8, 58 కు 7 1/4, 59 కు 7 3/8, 60 కు 7 1/2. వెనక్కి వెళితే 55 కు 6 7/8. బ్రిటిష్ పద్ధతిలో చీటీ వేసిన టోపీ అయితే అదే తలకు అంకె ఎనిమిదో వంతు తక్కువ ఉంటుంది, 57 కు 7 అని, 58 కు 7 1/8 అని. పాతకాలపు టోపీలు, విదేశాల నుంచి బంధువులు తెచ్చిన టోపీలు చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంటే ఒక సైజు పొరపాటు తప్పుతుంది.

మాస్టారికి 57.5 వచ్చింది కదా, సైజు క్యాపుల్లో 57 తీసుకోవాలా, 58 తీసుకోవాలా? 58 తీసుకోవాలి. రెండింటి మధ్య పడినప్పుడు ఎప్పుడూ పెద్దదే. బిగుతుగా ఉన్న సైజు క్యాపును పెద్దది చేయడం కష్టం, కుట్లు తెగుతాయి, గుడ్డ వంకర పోతుంది. పెద్దగా ఉన్నదాన్ని చిన్నది చేయడం చాలా తేలిక. క్యాపు లోపల చుట్టూ నుదుటికి తగిలే పట్టీ ఒకటి ఉంటుంది చూడండి, చెమట పీల్చుకునేది, మేము చెమట పట్టీ అంటాము. దాని వెనకాల సన్నని ఫోమ్ పట్టీనో, మడత పెట్టిన గుడ్డనో, చివరకు మడిచిన కాగితాన్నయినా దూర్చితే చుట్టుకొలత తగ్గుతుంది.

ఎంత మందం దూర్చితే ఎంత తగ్గుతుంది? ఇది కూడా ఆ లెక్కే. చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు మందం పట్టీ పెట్టారనుకోండి, వ్యాసం రెండు వైపులా కలిసి మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, చుట్టుకొలత దానికి 3.14 రెట్లు, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల వరకు తగ్గుతుంది. దాదాపు ఒక సైజు. మాస్టారికి 58 క్యాపులో అర సెంటీమీటరు వదులు ఉంటుంది, ఆయనకు చుట్టూ పెట్టనక్కర్లేదు. ముందు నుదుటి దగ్గర మాత్రం సగం చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు మందం పెడితే దాదాపు ఆ అర సెంటీమీటరూ తగ్గిపోతుంది. ఈ పని దుకాణంలోనే, కస్టమరు ఎదురుగానే చేసి ఇవ్వవచ్చు, దుకాణదారులు దీన్ని గమనించాలి.

జుట్టు సంగతి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఒత్తుగా జుట్టున్న కుర్రవాడు సింహాచలం వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తే, నిన్నటిదాకా సరిపోయిన క్యాపు ఈ రోజు ముక్కు మీదకు జారుతుంది. ఎందుకు? టోపీ కింద అణిగి ఉన్న జుట్టు ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్నా, అది పోగానే ఒక సైజు తేడా వచ్చేస్తుంది. కాబట్టి క్యాపు పెట్టుకునే రోజుల్లో జుట్టు ఎలా ఉంటుందో అలా ఉన్నప్పుడే కొలవాలి. ఆడపిల్లల విషయంలో జడ టేపు కిందకు రాకుండా పక్కకు తీసి కొలవాలి.

ఇంతవరకు చుట్టుకొలత గురించే చెప్పాను. అయితే చుట్టుకొలత సరిగ్గా ఉండి కూడా టోపీ నొప్పి పెట్టడం మీలో చాలామంది చూసి ఉంటారు. అవునా కాదా? దుకాణదారులు తల ఊపుతున్నారు. 58 అని కొలిచాం, 58 ఇచ్చాం, అయినా వెనక్కి తెచ్చి ఇచ్చాడు అంటారు. అలాంటి చోట తప్పు టేపుదీ కాదు, చీటీదీ కాదు. తల ఆకారంలో ఉంది విషయం.

తల వృత్తం కాదు, కోలగా ఉంటుంది. కొందరికి ముందు నుంచి వెనక్కి పొడుగ్గా, పక్కలు సన్నగా ఉంటుంది. కొందరికి గుండ్రంగా ఉంటుంది. రెండు తలలు తీసుకోండి. ఒకటి ముందు నుంచి వెనక్కి 20.5 సెంటీమీటర్లు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు 16.3. రెండోది 19.3, 17.6. ఈ రెండింటి చుట్టుకొలతా లెక్క కడితే 58 సెంటీమీటర్లే వస్తుంది. టేపుకు ఈ రెండు తలలూ ఒకటే. టోపీకి మాత్రం ఒకటి కాదు, పొడవులో 1.2 సెంటీమీటర్లు, వెడల్పులో 1.3 సెంటీమీటర్ల తేడా ఉంది. పొడుగు తలకు గుండ్రని క్యాపు పెడితే నుదుటి మీదా, వెనక ఉబ్బు మీదా నొక్కుతుంది, చెవుల పైన మాత్రం వేలు దూరేంత సందు ఉంటుంది. గుండ్రని తలకు పొడుగు క్యాపు పెడితే దానికి తిరగబడి, చెవుల పైన కణతల దగ్గర నొక్కుతుంది, నుదుటి దగ్గర సందు కనిపిస్తుంది. క్యాపు పెట్టిన మనిషిని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసి, నాలుగు వైపులా చూపుడు వేలు దూర్చి చూస్తే ఆకారం తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఒకే చోట బిగుతు, ఇంకోచోట వదులు ఉంటే అది ఆకారం. అన్ని వైపులా ఒకేలా బిగుతుగా ఉంటే అది సైజు.

ఆకారం కాగితం మీద చూడాలనుకునేవారికి ఒక పద్ధతి చెబుతాను. పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న, చేత్తో వంగే మెత్తని కరెంటు తీగ ఒక మీటరు తీసుకోండి. టేపు పెట్టిన దారిలోనే తల చుట్టూ మెల్లగా ఒత్తి వంచండి, నుదుటి మధ్యన పెన్నుతో ఒక గుర్తు పెట్టండి, ఆకారం చెడకుండా తీసి కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంట గీత గీయండి. తల పై నుంచి ఎలా కనిపిస్తుందో ఆ కోల మీ ముందు ఉంటుంది. ఒక జట్టులో పదకొండు మందికి ఇలా గీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే చుట్టుకొలత ఉన్నవాళ్లలో ఎంత తేడా ఉంటుందో కళ్లకు కనబడుతుంది.

మరి ఆకారం కుదరని తలకు ఏం చేయాలి? మళ్లీ ఒక సైజు పెద్దది తీసుకుని, వదులుగా ఉన్నచోట మాత్రమే చెమట పట్టీ వెనకాల దూర్చాలి. పొడుగు తలకు రెండు పక్కలా, చెవుల పైన. గుండ్రని తలకు ముందూ వెనకా. చుట్టూ దూర్చితే మాత్రం నొక్కే చోట ఇంకా నొక్కుతుంది.

ఇప్పుడు పట్టీ క్యాపు దగ్గరకు వద్దాం. చాలామంది అనుకునేది ఏమిటంటే, పట్టీ ఉంది కనుక కొలత అక్కర్లేదు, అందరికీ ఒకటే సరిపోతుంది అని. కొలత అక్కర్లేదన్న మాట నిజం కాదు. ఈ క్యాపును చేతిలో పట్టుకుని చూపిస్తాను, వెనక వరుసలో ఉన్నవారు కాస్త ముందుకు రండి. ఇందులో గుడ్డ భాగం మారదు. ముందు, పక్కలు, పైన, ఇవన్నీ కుట్టేటప్పుడే స్థిరపడిపోయాయి. మారేది ఈ వెనక తెరుచుకున్న భాగం ఒక్కటే. పట్టీ లాగితే ఈ అర్ధచంద్రం చిన్నదవుతుంది, వదిలితే పెద్దదవుతుంది. అంటే పట్టీ క్యాపు చుట్టుకొలతను మార్చగలదు, అది కూడా ఒకే వైపు నుంచి. లోతును మార్చలేదు. ఆకారాన్ని మార్చలేదు.

లోతు అంటే ఏమిటంటే, నుదుటి అంచు నుంచి నడినెత్తి వరకు టోపీ ఎంత ఎత్తుగా ఉంది అన్నది. లోతు తక్కువ ఉన్న క్యాపు పెద్ద తలకు పెట్టి, పట్టీ పూర్తిగా వదిలినా సరే, అది కనుబొమ్మల పైకి దిగదు. నెత్తికి తగిలి అక్కడే ఆగిపోతుంది, నెత్తి మీద బోర్లించినట్టు ఉంటుంది, గాలి వీస్తే లేచిపోతుంది. పట్టీ బిగించినకొద్దీ ఇంకా పైకి జారుతుంది, కిందికి రాదు. చిన్న తలకు లోతైన క్యాపు పెడితే చెవులు కప్పేస్తుంది, పట్టీ ఎంత లాగినా చెవుల మీద నుంచి లేవదు. పిల్లల జట్లలో మీరు చూసే ఇబ్బందిలో పెద్ద భాగం ఇదే. పట్టీతో దీనికి మందు లేదు, లోతు వేరుగా ఉన్న క్యాపు తెప్పించాలి. చూసుకోవడం ఎలా అంటే, క్యాపు సరిగ్గా పెట్టుకున్నప్పుడు నడినెత్తికీ గుడ్డకూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి, పైన అరచేత్తో మెల్లగా ఒత్తితే గుడ్డ కాస్త దిగాలి. ఒత్తగానే నెత్తి తగిలితే లోతు చాలలేదు.

ఇక పట్టీ ఎంతవరకు సర్దగలదు అన్నది. ప్లాస్టిక్ పట్టీ ఉన్నదాన్ని చూడండి, ఒక వైపు రంధ్రాలు వరుసగా ఉన్నాయి, ఇంకో వైపు బుడిపెలు ఉన్నాయి. రెండు చివర్లూ ప్రమాదమే. అన్నింటికన్నా వదులుగా పెట్టినప్పుడు ఒకే ఒక్క బుడిపె పట్టుకుని ఉంటుంది. పరుగెత్తినా, క్యాచ్ కోసం తల పైకి ఎత్తినా అది ఊడిపోతుంది. కనీసం రెండు బుడిపెలు పట్టుకునేలా ఉంటేనే ఆ క్యాపు ఆ తలకు పనికివస్తుందని లెక్క. అన్నింటికన్నా బిగుతుగా పెట్టినప్పుడు ఏమవుతుంది? వెనక రెండు గుడ్డ ముక్కలూ దగ్గరకు వచ్చి ముడతలు పడతాయి, పక్కల గుడ్డ ఉబ్బుతుంది, చెమట పట్టీ వెనకాల మడతపడి తల వెనక ఎముక మీద గీత పెడుతుంది. పట్టీ వరుస మధ్యలో బిగిసిన క్యాపే ఆ తలకు కుదిరిన క్యాపు. చివరి రంధ్రంలో బిగిస్తే అది కుదరలేదనే అర్థం.

కాబట్టి పట్టీ క్యాపు కొనేటప్పుడు కూడా కొలత తీసి, ఆ కొలత చీటీ మీద రాసిన పరిధికి మధ్యలో పడుతుందా అని చూడండి. చీటీ మీద 54 నుంచి 60 అని ఉంటే 56, 57, 58 తలలకు అది హాయిగా ఉంటుంది. మన మాస్టారు 57.5, ఆయనకు బాగుంటుంది. 60 ఉన్న తలకు చివరి బుడిపె మీద నిలబడుతుంది. 54 ఉన్న చిన్న పిల్లవాడికి వెనకాల ముడతలు పడుతుంది.

అలాగే పొడుగు తల ఉన్నవాడికి పట్టీ క్యాపు నుదుటి మీద నొక్కుతుంటే మనం ఏం చేస్తాం? పట్టీ ఒక రంధ్రం వదులు చేస్తాం. నుదుటి నొక్కుడు తగ్గుతుంది, నిజమే, కానీ పక్కల ఉన్న సందు ఇంకా పెరుగుతుంది. చివరకు ముందూ వెనకా ఆని, పక్కల వేలాడే క్యాపు మిగులుతుంది. ముందు భాగంలో గట్టి గుడ్డ వేసి నిటారుగా నిలబెట్టిన క్యాపుల్లో ఇది ఎక్కువ. లోపల గట్టి గుడ్డ లేని మెత్తని నూలు క్యాపు అయితే తల ఆకారానికి కొంతవరకు తనే ఒదుగుతుంది. అందుకని ఆకారం కుదరని పిల్లవాడికి పట్టీ ఏ రకమా అని వెతకడం కన్నా, మెత్తని క్యాపు వెతకడం మంచిది.

వెల్క్రో, బకిల్, ఎలాస్టిక్, వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వెల్క్రో, బకిల్ రంధ్రాల లెక్క లేకుండా ఎంత కావాలంటే అంత సర్దుకుంటాయి, కనుక 57.5 లాంటి మధ్య కొలతలకు మంచివి. వెల్క్రోలో దుమ్ము, దారప్పోగులు చేరి కొన్నాళ్లకు పట్టు తగ్గుతుంది. వెనక పూర్తిగా మూసి ఉండి గుడ్డలోనే సాగే దారం కలిపి నేసే క్యాపులు వస్తున్నాయి, వాటి మీద ఎస్-ఎం, ఎల్-ఎక్స్ఎల్ అని రెండు సైజులు కలిపి రాస్తారు. అవి సైజు క్యాపు, పట్టీ క్యాపు రెండింటి మధ్యవి. అన్ని వైపులా సమంగా సాగుతాయి కాబట్టి ఆకారం తేడాను పట్టీ కన్నా బాగా భరిస్తాయి, కానీ ఎండకూ చెమటకూ సాగే గుణం పోయాక వాటిని బిగించుకోవడానికి ఏమీ ఉండదు.

మరి బడి పిల్లలకు ఏది? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెరిగే పిల్లలకు పట్టీ క్యాపే. ఐదేళ్ల వయసుకే పిల్లల తల సుమారు 50, 51 సెంటీమీటర్లకు చేరుకుంటుంది, ఆ తర్వాత పెరుగుదల చాలా నెమ్మదిగా ఉంటుంది, ఏళ్లు గడిచాక గానీ ఒక్కో సెంటీమీటరు పెరగదు. ఈ నెమ్మది పెరుగుదలను పట్టీ బాగా సర్దుకుంటుంది. ఆడపిల్లలకు కూడా పట్టీ క్యాపే వీలు, వెనక తెరుచుకున్న చోటు నుంచి జడను బయటికి తీయవచ్చు. తల పెరుగుదల ఆగిన పెద్ద జట్లకు, ఎండలో రోజంతా విజ్జీ స్టేడియంలో నిలబడేవారికి, సైజు క్యాపు మేలు. వెనకాల తెరిచి ఉండదు కనుక తల వెనక భాగానికి కూడా నీడ ఉంటుంది, గట్టి పట్టీ ఎముక మీద ఒత్తదు, తల చుట్టూ ఒత్తిడి సమంగా ఉంటుంది. కానీ ఒక్కొక్కరినీ కొలవాలి. కొలవడానికి సిద్ధంగా లేనివారు సైజు క్యాపులు తెప్పించకూడదు.

కొలిచిన తర్వాత వచ్చిన క్యాపు సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అరగంట పెట్టుకుని తీయమనండి. నుదుటి మీద ఎర్రని గాడి పడి అది తొందరగా పోకపోతే బిగుతు. ముందుకు వంగి బూటు లేసు కట్టుకోమనండి, క్యాపు పడిపోతే వదులు. తలను గబుక్కున పక్కకు తిప్పమనండి, తల తిరిగి క్యాపు వెనకబడితే వదులు. ఈ మూడూ చాలు.

ఉతకడం గురించి ఒక సోదరుడు చీటీ పంపారు. మన దగ్గర ఉక్కపోత ఎక్కువ, చెమట ఎక్కువ, వారానికొకసారైనా ఉతకాల్సి వస్తుంది. నూలు క్యాపును, ఉన్ని కలిసిన క్యాపును వేడినీళ్లలో ఉతికితే కుంచించుకుపోతుంది, ఒక సైజు తగ్గినా ఆశ్చర్యం లేదు. చల్లని నీళ్లలో సబ్బుతో మెల్లగా ఉతికి, పిండకుండా, లోపల తువ్వాలు కుక్కి ఆ ఆకారంలోనే నీడన ఆరబెట్టాలి. తువ్వాలు బదులు గుండ్రని గిన్నె మీద బోర్లించవచ్చు, అప్పుడు గిన్నె వ్యాసం చూసుకోండి, 58 క్యాపుకు పద్దెనిమిదిన్నర సెంటీమీటర్ల గిన్నె. గిన్నె గుండ్రం కనుక కోల ఆకారం కాస్త పోతుంది, తలకు పెట్టుకోగానే మళ్లీ వస్తుంది. సైజు క్యాపుకు ఈ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే అది కుంచించుకుపోతే వదలడానికి పట్టీ లేదు.

ఇంకొకరు హెల్మెట్ గురించి అడిగారు. బండి హెల్మెట్ల మీద 580, 600, 620 అని ఉంటుంది, అది మిల్లీమీటర్లలో అదే తల చుట్టుకొలత. ఇప్పుడు చెప్పిన దారిలోనే కొలవండి. అయితే క్యాపులో పెద్దది తీసుకుని గుడ్డ దూర్చమన్న మాట హెల్మెట్‌కు వర్తించదు. హెల్మెట్ లోపల ఏమీ దూర్చకూడదు, అది బుగ్గల దగ్గరా తల చుట్టూ బిగువుగా ఆనుకుని ఉండే సైజునే తీసుకోవాలి.

చివరగా ఆర్డరు రాసే విధానం. పేరు, చుట్టుకొలత సెంటీమీటర్లలో ఒక దశాంశం వరకు, క్యాపు ఎక్కడైనా నొక్కుతుందని వాళ్లు ముందే చెబితే ఆ చోటు, ఈ మూడే రాయండి. ఎం, ఎల్ అని రాసి పంపకండి, పంపేవారి ఎం, కుట్టేవారి ఎం ఒకటి కాకపోవచ్చు. మొత్తం సరుకు పంపమనే ముందు నమూనాగా ఒక 58 క్యాపు తెప్పించుకోండి. ఒక కాగితం పట్టీని దాని లోపల చెమట పట్టీ వెంట గుండ్రంగా నిలబెట్టి ఆనించి, కలిసినచోట గీత పెట్టి, బయటకు తీసి స్కేలు మీద కొలవండి. బయటి నుంచి కొలిస్తే గుడ్డ మందం, చెమట పట్టీ మందం కలిసి ఒక సైజు పెద్దగా చూపిస్తుంది, అందుకే లోపల కొలవమంటున్నాను. లోపల 58 వస్తే మీ కొలతల ప్రకారమే పంపమనండి. 57.4 వచ్చిందనుకోండి, ఆ తయారీదారు అర సెంటీమీటరు పైగా బిగుతుగా కుడుతున్నాడని అర్థం, మీ జాబితాలో అందరికీ ఒక సైజు పెంచి రాయండి, వదులైనవారికి ముందు వైపు పట్టీ దూర్చి ఇవ్వండి. మాస్టారూ, మీరు ఇంక లేవవచ్చు. టేపు ఇక్కడే ఉంటుంది, కొలిపించుకోవాలనుకునేవారు ఒక్కొక్కరుగా వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి.